“నాన్నకు ఆకలి లేదు డాక్టర్‌గారూ”: ఒక ఉత్తరాన్ని విప్పి చూస్తే

నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళ పిల్లలు అప్పుడప్పుడు ఉత్తరాలు రాస్తుంటారు. గదిలో తండ్రి ఎదుట చెప్పలేనివి కాగితం మీద పెట్టి, ఆయన రావడానికి ముందే నాకు చేరేలా చూస్తారు. అలాంటి ఒకదాన్ని ఇక్కడ విప్పి చూపిస్తాను. మనుషుల్ని గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మార్చాను, వైద్యం సంగతులు మాత్రం మార్చలేదు.

“డాక్టర్‌గారికి నమస్కారం. నాన్నకు డెబ్బై రెండేళ్ళు. షుగర్‌కు మీరే మందులిస్తున్నారు. నేను ఇలా రాస్తున్నానని ఆయనకు తెలియదు. అమ్మ పోయి పది నెలలైంది. అప్పట్నుంచీ మనిషి తగ్గిపోతూనే ఉన్నారు. ఏడు నెలల కిందట 68 కిలోలుండేవారు, పోయిన వారం తూస్తే 61న్నర. బెల్టుకు మేకుతో రెండు కొత్త రంధ్రాలు పొడుచుకున్నారు. కంచం ముందు చాలాసేపు కూర్చుంటారు, ముద్ద ముద్దకీ నీళ్ళు తాగుతారు, కాస్త మిగలగానే లేచిపోతారు. అడిగితే ఆకలి లేదమ్మా అంటారు. బెంగతోనే అనుకుని ఇన్నాళ్ళూ ఊరుకున్నాం. ఇప్పుడు క్యాన్సరేమోనని నాకు నిద్ర పట్టడం లేదు. ఒళ్ళంతా స్కాన్ చేయించమంటారా? ఆకలి పుట్టే సిరప్ ఏదైనా రాస్తారా? షుగర్ మాత్రం చాలా బాగుంది, మూడు నెలల సగటు 8.1 నుంచి 6.2కి దిగింది. సాయంత్రం నాలుగింటికి ఒక్కోసారి నీరసమని చెమటలు పట్టి పడుకుంటారు. తినకపోతే నీరసం రాదా మరి.”

ఈ ఉత్తరంలో అన్నిటికన్నా తొందరైన మాట చివరి రెండు వాక్యాల్లో ఉంది. ఆవిడకు అది పట్టించుకోదగ్గ సంగతిలా అనిపించలేదు. నేను మాత్రం అది చదివిన పూటే ఫోన్ చేశాను. ఎందుకో ముందుకెళ్ళాక చెబుతాను. ముందు బరువు లెక్క చూద్దాం.

ప్రయత్నించకుండా ఆరునెలల నుంచి ఏడాదిలోపు ఒంటి బరువులో నూటికి ఐదు వంతులు తగ్గితే దాన్ని పట్టించుకోవాలని వైద్యంలో ఒక గీత గీసుకున్నాం. 68 కిలోల మనిషికి ఆ గీత 3.4 కిలోల దగ్గర పడుతుంది. ఈయన ఆరున్నర కిలోలు తగ్గారు, అంటే దాదాపు నూటికి పది. గీత దాటి చాలా దూరం వచ్చేశారన్నమాట. “చిక్కిపోయారు” అని వచ్చేవాళ్ళు చాలామంది ఉంటారు గానీ, పాత తూకంతో పోల్చి చూస్తే కొందరిలో తగ్గుదలే ఉండదు. అందుకే నాకు ఇక్కడ కిలోలకన్నా బెల్టు మీద నమ్మకం కుదిరింది. తూకం యంత్రాలు రెండు రెండు రకాలుగా చెబుతాయి. బెల్టు మనిషితోపాటే తిరిగే టేపు. ఒక్క విషయంలో మాత్రం అదీ మోసం చేస్తుంది. గుండె, కాలేయం, మూత్రపిండాల జబ్బుల్లో ఒంటికి నీరు పడితే కండ కరిగిపోతున్నా తూకం, నడుము కొలత అలాగే నిలబడతాయి. ఈయన పాదాల్లో వాపు లేదు.

ఇన్ని కిలోలు తగ్గడానికి మనిషి ఎంత తక్కువ తినాలి? కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలుంటాయి. ఆరున్నర కిలోలకు యాభై వేలు. దాన్ని ఏడు నెలలకు పంచితే రోజుకు సుమారు 240. పోయినదాంట్లో కండ కూడా ఉంటుంది, కండలో కేలరీలు తక్కువ కాబట్టి అసలు లోటు ఇంకా చిన్నదే అయి ఉంటుంది. రోజుకు పద్ధెనిమిది వందల కేలరీలు తినే మనిషి ఎనిమిది ముద్దల్లో ఒకటి వదిలేస్తే చాలు, ఈ లెక్క తేలిపోతుంది. ఇంట్లోవాళ్ళు కళ్ళెదుటే ఉండి కూడా ఇంత ఆలస్యంగా గమనించారంటే వాళ్ళ తప్పేం లేదు. ఎనిమిదో ముద్దను ఎవరు లెక్కపెడతారు?

ఈ లెక్క నాకు ఇంకో పని కూడా చేసిపెడుతుంది. తగ్గిన తిండికీ తగ్గిన బరువుకూ పొంతన కుదురుతోందా లేదా అన్నది చూపిస్తుంది. తిండి ఎప్పటిలాగే ఉండి బరువు జారిపోతుంటే ఆలోచన వేరే దారి పడుతుంది: థైరాయిడ్ ఎక్కువైందా, షుగర్ అదుపు తప్పి మూత్రంలో పోతోందా, తిన్నది పేగు పీల్చుకోవడం లేదా. మరీ పెద్ద వయసులో థైరాయిడ్ ఎక్కువైనప్పుడు ఆకలి పెరగడానికి బదులు చచ్చిపోవడం కూడా ఉంది కాబట్టి ఆ పరీక్ష ఎలాగూ చేయిస్తాం. ఈయన విషయంలో మిగిలిన ముద్దకు, పోయిన కిలోలకు లెక్క సరిపోయింది. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఒకటే మిగిలింది. ఆయన ఎందుకు తినడం లేదు?

“ఆకలి లేదు” అన్న మాట దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను. అదొక మాటే గానీ దాని కింద నాలుగైదు వేర్వేరు ఇబ్బందులు దాక్కుని ఉంటాయి. తినాలనే అనిపించకపోవడం ఒకటి. తినాలని కూర్చుని నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం ఇంకొకటి. వయసు మీద పడేకొద్దీ పొట్ట పైభాగం మునుపటిలా సాగదు, వాసన కూడా మందగిస్తుంది, అందువల్ల కొంతవరకు ఇది మామూలే. తింటే అరగంటకల్లా కడుపులో పోటు వస్తుందని భయపడి మానేసేవాళ్ళు ఉంటారు. పేగులకు రక్తం తీసుకెళ్ళే నాళాలు సన్నబడితే అలా జరుగుతుంది. వాళ్ళకు ఆకలి బాగానే ఉంటుంది, భయమే ఆపుతుంది. ఇక మింగలేక, నమలలేక, ఆ మాట చెప్పుకోవడానికి మొహమాటపడి “ఆకలి లేదమ్మా” అనేవాళ్ళు చాలామంది. గౌరవంగా కంచం ముందునుంచి లేవడానికి దొరికే మాట అదొక్కటే మరి.

ఉత్తరంలో ఆవిడ రాసిన “కంచం ముందు చాలాసేపు కూర్చుంటారు, ముద్ద ముద్దకీ నీళ్ళు తాగుతారు” అన్న వాక్యం నన్ను ఇక్కడికి తీసుకొచ్చింది. నిజంగా ఆకలి చచ్చినవాడు కంచం ముందు అంతసేపు కూర్చోడు. నీళ్ళతో ముద్దను దింపుకుంటున్నాడంటే రెండు కారణాలు తోస్తాయి: అన్నవాహికలో ఏదో అడ్డు, లేదా నోరెండిపోవడం. మొదటిది అశ్రద్ధ చేయకూడని గుర్తు. గట్టివి ముందు అడ్డుపడి, పోనుపోను మెత్తటివి, ఆ తర్వాత నీళ్ళు కూడా దిగకుండా పోతుంటే అక్కడ ఏదో పెరుగుతోందని అనుమానించాలి.

ఆ ఉత్తరం ఇచ్చిన మరో మేలు తారీఖుల వరస. కూతురు, “అమ్మ పోయినప్పట్నుంచీ” అని రాసింది. కానీ ఆవిడ ఇచ్చిన అంకెలే వేరే మాట చెబుతున్నాయి. తల్లి పోయి పది నెలలు. ఏడు నెలల కిందట కూడా ఆయన 68 కిలోలే. అంటే దుఃఖం బాగా పచ్చిగా ఉన్న మొదటి మూడు నెలల్లో బరువు కదల్లేదు. తగ్గడం ఏడు నెలల కిందటి నుంచే మొదలైంది. అప్పుడేం జరిగింది?

నా చీటీలు నేనే తిరగేసుకున్నాను. ఎనిమిది నెలల కిందట ఆయన మూడు నెలల సగటు షుగర్ 8.1 ఉంటే మందులు పెంచింది నేనే. మెట్‌ఫార్మిన్ పూటకు 500 మిల్లీగ్రాముల నుంచి 1000కి, గ్లిమెపిరైడ్ ఒకటి నుంచి రెండుకు. అప్పుడు నేను అడగని ప్రశ్న ఒకటుంది: ఉన్న మందులు రోజూ వేసుకుంటున్నారా? ఫోన్‌లో కూతుర్ని అడిగితే తెలిసింది, ముప్ఫై ఏళ్ళుగా మాత్రలు చేతిలో పెట్టింది ఆ తల్లేనట. ఆవిడ పోయాక ఆయన వేసుకుంటే వేసుకున్నట్టు, లేకపోతే లేదు. షుగర్ అందుకే పెరిగింది. నేను మోతాదు రెట్టింపు చేశాను. ఆ పక్క నెలలో కూతురు వారానికి సరిపడా మాత్రల డబ్బా కొనిచ్చి, రోజూ ఫోన్ చేసి వేయించడం మొదలుపెట్టింది. అసలు అవసరం లేని రెట్టింపు మోతాదు ఒక్కటి కూడా తప్పకుండా లోపలికి వెళ్ళసాగింది. ఇద్దరమూ మంచి చేస్తున్నామనే అనుకున్నాం.

మెట్‌ఫార్మిన్ మంచి మందే. కానీ కొందరిలో, ముఖ్యంగా ఒక్కసారిగా పెంచినప్పుడు, నోట్లో ఇనుప రుచి, వికారం, ఆకలి మందగించడం తెస్తుంది. ఇక గ్లిమెపిరైడ్ సంగతే నన్ను ఆ పూటే ఫోన్ ఎత్తించింది. మనిషి తిన్నా తినకపోయినా ఈ మందు ఇన్సులిన్‌ను వదిలిస్తూనే ఉంటుంది. తిండి తగ్గి మోతాదు పెరిగితే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. సాయంత్రం నాలుగింటి చెమటలు అవే. ఈసారి అలా పట్టినప్పుడు వేలికి గుచ్చి చూడమన్నాను, డెబ్బైకి దిగువనుంటే వెంటనే పంచదార నీళ్ళు తాగించి పావుగంటకు మళ్ళీ చూడమన్నాను. మర్నాడే చూశారు: 58. గ్లిమెపిరైడ్ ఆ రోజే ఆపించాను, మెట్‌ఫార్మిన్ పాత మోతాదుకు దించాను.

“షుగర్ మాత్రం చాలా బాగుంది” అన్న మాట వెనక ఉన్నదిదీ. బరువు తగ్గుతున్న షుగర్ రోగికి అంకెలు బాగుపడుతుంటే ఇంట్లో సంతోషిస్తారు, డాక్టర్లమూ సంతోషిస్తాం. బీపీ మందులతోనూ ఇంతే. మనిషి పది వంతులు తగ్గాక పాత మోతాదు ఎక్కువైపోయి, లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతాయి. చిక్కిపోతున్న పెద్దాయన రిపోర్టులు ఒక్కసారిగా చక్కబడితే నాకిప్పుడు ముందు అనుమానమే వస్తుంది.

ఆయన్ని రమ్మనడానికి ముందు ఇంకో ముడి విప్పాలి. తను రాసినట్టు నాన్నకు తెలియదంది కూతురు. పిల్లలు చెప్పేది వినడానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. తండ్రి సంగతులు ఆవిడకు చెప్పాలంటే మాత్రం ఆయన ఒప్పుకోవాలి. కాబట్టి మీరు రాశారని ఆయనతో చెప్పవచ్చా అని అడిగాను. రెండు రోజులు ఆలోచించి సరేనంది. తానే చెప్పేసిందని తర్వాత తెలిసింది. ఆయన కోప్పడలేదట, “అంత రాయడానికి ఏముందమ్మా” అన్నారట.

ఆయన వచ్చిన రోజు మందులన్నీ సంచిలో వేసి తెమ్మన్నాను. అందులో నేను రాయని షీటు ఒకటి కనబడింది, సోలిఫెనాసిన్. మాటిమాటికీ మూత్రానికి లేవాల్సి వస్తోందని ఐదు నెలల కిందట వేరే డాక్టరు రాశారట. ఈ మందుకు నోరెండబెట్టే గుణం ఉంది. నోరు తెరవమని, చెక్క పుల్లను బుగ్గ లోపలివైపు ఆనించి తీయబోతే అది కొంచెం అతుక్కుని వచ్చింది. లాలాజలం బాగా ఊరే నోట్లో పుల్ల జారుతుంది. నాలుక మీద గీతలు ఎండిన చెరువు మట్టిలా ఉన్నాయి. కింది పళ్ళ సెట్టు చేతిరుమాల్లో చుట్టి జేబులో ఉంది. ఒళ్ళు తగ్గాక అది వదులైపోయిందట, నవిలితే చిగురు ఒరుసుకుంటోందట. ఎవరైనా వస్తే పెట్టుకుంటారు, తినేటప్పుడు తీసేస్తారు. ముద్ద ముద్దకీ నీళ్ళు ఎందుకో చాలావరకు అర్థమైంది.

చాలావరకే. నోరెండిందని తేలింది కదా అని అన్నవాహికను వదిలేయకూడదు, ఒకే మనిషికి రెండూ ఉండవచ్చు. ఎండోస్కోపీ చేయించాను. లోపల అడ్డేమీ లేదు.

ఇక కూతురు అడిగిన “ఒళ్ళంతా స్కాన్” సంగతి. నేను ముందు మామూలు పరీక్షలే పెట్టాను: రక్తకణాల లెక్క, మూత్రపిండాలు, కాలేయం, కాల్షియం, థైరాయిడ్, ఒంట్లో వాపును పట్టించే సీఆర్‌పీ, మూత్రం, ఛాతీ ఎక్స్‌రే, కడుపు అల్ట్రాసౌండ్. ఇవన్నీ, నేను చేత్తో ఒళ్ళంతా చూసిన పరీక్షా బాగుంటే లోపల పెద్ద జబ్బు దాక్కుని ఉండే అవకాశం బాగా తగ్గిపోతుంది. అలా కాక ఎడాపెడా స్కాన్లు తీస్తే, ఈ వయసులో ఎవరికైనా కనబడే ఏదో ఒక చిన్న మచ్చ వెంట నెలల తరబడి పరుగెత్తాల్సి వస్తుంది, మనిషి అలాగే చిక్కుతూ ఉంటాడు. క్యాన్సర్ గుర్తుల రక్త పరీక్షలు కూడా ఇలాంటి వెతుకులాటకు పనికిరావు.

ఒక్క సీటీ మాత్రం తీయించాను, కడుపుకు. ఎనిమిది నెలల కిందట ఆయన షుగర్ కారణం లేకుండా పెరిగినట్టు కనిపించింది కదా. పెద్ద వయసులో షుగర్ కొత్తగా రావడమో, ఉన్నట్టుండి అదుపు తప్పడమో జరిగి, దాంతోపాటు బరువూ తగ్గుతుంటే క్లోమ గ్రంథిలో గడ్డ ఉందేమో చూడాలి. అల్ట్రాసౌండ్‌లో క్లోమం గ్యాస్ చాటున సరిగా కనబడదు. మాత్రలు మానేసిన కథ తెలిశాక నా అనుమానం తగ్గింది గానీ పోలేదు. సీటీ శుభ్రంగా వచ్చింది. ఆ రాత్రి ఆవిడకు నిద్ర పట్టే ఉంటుంది.

రిపోర్టులో, రక్తంలో ఉండే ఆల్బుమిన్ అనే ప్రొటీన్ 3.4 అని చూసి, “పోషణ లేదని కదా దీనర్థం?” అని అడిగింది. చాలామంది డాక్టర్లు కూడా అలాగే చెబుతారు. నిజానికి ఆల్బుమిన్ తిండిని కొలిచేది కాదు. ఒంట్లో ఎక్కడైనా వాపో, ఇన్‌ఫెక్షనో ఉంటే అది పడిపోతుంది. పస్తులుండి ఎముకలు తేలినవాళ్ళలో కూడా చాన్నాళ్ళు మామూలుగానే ఉండవచ్చు. పోషణ తెలియాలంటే పిక్కల కండ చూడాలి, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవగలరా అని చూడాలి. ఆయన మూడోసారి ప్రయత్నించి లేచారు.

మరి బెంగ మాటేమిటి? దాన్ని పక్కన పెట్టలేదు. రోజూ చేసే పనుల మీద ఆసక్తి ఉందా, తెల్లవారుజామునే మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టకుండా ఉంటోందా, ఇక బతికి ఏం లాభమని అనిపిస్తోందా అని ఆయన్నే అడిగాను. పేపరు చదువుతారు, మనవరాలికి లెక్కలు చెబుతారు, నిద్ర బాగానే పడుతుంది. డిప్రెషన్ అనదగ్గది కనబడలేదు. లేచి వెళ్ళబోతూ మాత్రం, “ఒక్కణ్ణే కూర్చుని తినబుద్ధి కాదండీ” అన్నారు. దానికి జబ్బు పేరు పెట్టక్కర్లేదు. పక్కన ఎవరైనా కూర్చుంటే మనిషి ఎక్కువ తింటాడన్నది మాత్రం నిజం.

సిరప్ నేను రాయలేదు. ఆకలి పెంచుతుందని అమ్మే మందుల్లో సైప్రోహెప్టడిన్ బాగా వాడుకలో ఉంది. అది పాత తరం అలర్జీ మందు. అదీ నోరెండబెడుతుంది, మూత్రం బిగబడేలా చేస్తుంది, పెద్దవాళ్ళలో మతిమరుపు, మత్తు తెస్తుంది. పెద్ద వయసువాళ్ళకు ఇవ్వకపోవడం మంచిదని అమెరికా వృద్ధుల వైద్య సంఘం నడిపే బీర్స్ జాబితాలో దాని పేరుంది. ఈయనకు అది ఇవ్వడమంటే, నోరెండి తినలేని మనిషికి ఇంకాస్త నోరెండించడమే.

చేసింది చిన్న చిన్న పనులే. సోలిఫెనాసిన్ రాసిన డాక్టరుతో మాట్లాడి ఆపాం. మూత్రం ఇబ్బంది మొదలైంది షుగర్ పెరిగినప్పుడు, అది తగ్గాక ఇదీ తగ్గే ఉంది. పళ్ళ సెట్టు మళ్ళీ సరిచేయించారు. షుగర్ పేరుతో పెట్టిన పథ్యం చాలావరకు ఎత్తేయించాను, ఎందుకంటే ఈ బరువు దగ్గర తీపి చేసే చెరుపుకన్నా తినకపోవడం చేసేదే ఎక్కువ. మూడు పూటల తిండిని ఐదు చిన్న పూటలు చేశారు. ప్రొటీన్ పానీయం భోజనంతో కాకుండా రెండు భోజనాల మధ్య ఇమ్మన్నాను, భోజనంతో ఇస్తే అదే కడుపు నింపేసి ముద్దను తోసేస్తుంది. రాత్రి భోజనం వేళకు కూతురు వీడియో కాల్‌లో తన కంచంతో కూర్చోవడం మొదలుపెట్టింది. అది నేను చెప్పలేదు.

ఇందులో ఏది ఎంత పనిచేసిందో నాకు విడదీసి చెప్పడం రాదు. పెద్దవాళ్ళ బరువు తగ్గుదలలో ఒకే కారణం దొరికితే అదృష్టం, నాలుగైదు కలిసి ఉండటమే మామూలు. ఎంత వెతికినా కారణమే దొరకనివాళ్ళు దాదాపు నాలుగో వంతు ఉంటారు. వాళ్ళనూ వదిలేయకుండా మూడు నుంచి ఆరు నెలల పాటు తూకం చూస్తూ ఉండాలి, అసలు జబ్బేదైనా ఉంటే ఆ లోపల తల ఎత్తుతుంది.

నాలుగు నెలల తర్వాత ఆవిడ మళ్ళీ రాసింది. ఈసారి ఒక పేజీలో సగమే. రెండు వారాలకోసారి ఒకే యంత్రం మీద, పొద్దున్నే, కాలకృత్యాలయ్యాక తూచిన అంకెలు వరసగా ఉన్నాయి: 61.3, 61.5, 61.5, 62.2, అలా పెరుగుతూ ఆఖరిది 64. మూడు నెలల సగటు షుగర్ 7.3. ఈ వయసుకు అది చాలు, నేను దాన్ని ఇంకా దించబోవడం లేదని జవాబు రాశాను. 68కి ఎప్పుడొస్తారని అడిగింది. రాకపోవచ్చు, పోయిన కండ ఈ వయసులో అంత తేలిగ్గా తిరిగి రాదు. కుర్చీలోంచి మాత్రం ఇప్పుడు మొదటిసారికే లేస్తున్నారట. బెల్టు, మేకుతో పొడిచిన రెండో రంధ్రం వదిలి మొదటిదానికి వచ్చిందట.